బీబీఎస్‌లో కిలోలు, షాపులో రాడ్లు

స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగులతో పాటు ఒక షీటు ఇస్తాడు. పైన బార్ బెండింగ్ షెడ్యూల్, పొట్టిగా బీబీఎస్, అని రాసి ఉంటుంది, ఏ రాడ్డుని ఎంత కోసి ఎలా వంచాలో చెప్పే పట్టిక అది, కింద వరసల కొద్దీ అంకెలు, చివర్లో మొత్తం ఇన్ని కిలోలు అని ఒక సంఖ్య. ఇల్లు కట్టుకునేవాళ్లు చాలామంది ఆ చివరి సంఖ్య ఒక్కటే చూస్తారు. దానికి ఐదు శాతం కలిపి, వైజాగ్ ఆటోనగర్‌లోనో గాజువాకలోనో డీలర్‌కి ఫోన్ చేసి ఆర్డర్ చెప్పేస్తారు. స్టీల్ ప్లాంట్ మన ఊళ్లోనే ఉంది కదా, తగ్గితే మళ్లీ తెప్పించుకోవచ్చులే అనే ధీమా ఒకటి.

అసలు తిరకాసు ఏమిటంటే, ఆ కిలోలు కోసిన ముక్కల బరువు. షాపులో ముక్కలు అమ్మరు, 12 మీటర్ల రాడ్లు అమ్ముతారు. ఈ రెంటి మధ్య తేడా ఎప్పుడూ ఒకే శాతం ఉండదు. ముక్క పొడవు ఎంత, ఒక రాడ్డులో అలాంటివి ఎన్ని వస్తాయి, మిగిలిన తుండుతో ఇంకో చోట పని జరుగుతుందా అనేదాన్ని బట్టి అది 2 శాతం కావచ్చు, 40 కావచ్చు. అందుకే ఆర్డర్‌ని చివరి సంఖ్య నుంచి కాకుండా పైనున్న వరసల నుంచి కట్టుకు రావాలి.

మధురవాడలో ఒక ఇంటి స్లాబు కింద వచ్చే రెండు రకాల బీమ్‌లు తీసుకుందాం. సైజు రెంటికీ ఒకటే, 230 వెడల్పు, 450 లోతు, ఎంఎంలలో. బి1 రకం ఆరు, బి2 రకం నాలుగు. లెక్క తేటగా కనిపించాలని సపోర్టుల దగ్గర వేసే ఎక్స్‌ట్రా రాడ్లను పక్కన పెట్టాను. షీటులో వీటి వరసలు ఇలా ఉంటాయి. రింగులంటే పొడవు రాడ్లని చుట్టి పట్టేవి.

| ఎక్కడ | రాడ్డు (ఎంఎం) | ఆకారం కొలతలు (ఎంఎం) | కటింగ్ లెంగ్త్ (మీ.) | మొత్తం ముక్కలు |
|---|---|---|---|---|
| బి1 కింద | 16 | 300 + 4900 + 300 | 5.44 | 3 × 6 = 18 |
| బి1 పైన | 12 | 300 + 4900 + 300 | 5.46 | 2 × 6 = 12 |
| బి2 కింద | 16 | 300 + 5600 + 300 | 6.14 | 3 × 4 = 12 |
| బి2 పైన | 12 | 300 + 5600 + 300 | 6.16 | 2 × 4 = 8 |
| బి1 రింగులు | 8 | 170 × 390 | 1.19 | 28 × 6 = 168 |
| బి2 రింగులు | 8 | 170 × 390 | 1.19 | 33 × 4 = 132 |

మొదటి వరస చదివితే మిగతావి వాటంతట అవే చదువుకోవచ్చు. 16 ఎంఎం రాడ్డు బీమ్ పొడవునా 4900 సాగి, రెండు చివర్లా నిలువుగా వంగి 300 చొప్పున పైకి లేస్తుంది. మూడూ కూడితే 5500. కానీ కోయాల్సింది 5.50 కాదు, 5.44. ఎందుకంటే 300, 4900 అనేవి వంగిన రాడ్డుకి బయటివైపు నుంచి తీసిన కొలతలు. రాడ్డు మూలలో పదునుగా విరగదు, గుండ్రంగా తిరుగుతుంది. ఆ మూలలో బయటి కొలత ఎక్కువ చూపిస్తుంది, రాడ్డు అంత ఖర్చు కాదు. సైట్లలో వాడే వాడుక లెక్క ప్రకారం 90 డిగ్రీల వంపుకి రాడ్డు మందానికి రెండింతలు తీసేస్తారు, 45కి ఒక ఇంత, 135కి మూడింతలు. ఇక్కడ రెండు వంపులు, ఒక్కోదానికి 32, అంటే 64 ఎంఎం. 5500లోంచి తీస్తే 5436. దాన్ని పై పదికి సరిచేసి 5.44 అని రాశారు.

ఇక్కడ ఒక అనుమానం తీర్చుకోవాలి. షీటులో కటింగ్ లెంగ్త్ అని ఉన్న గడిలో వంపులు తీసేసిన పొడవు ఉందా, తీయని పొడవు ఉందా? ఒక్కో ఆఫీసుది ఒక్కో అలవాటు. కొందరు కొలతలు కూడేసి అలాగే వదిలేస్తారు, ఇంకొందరు తీసేసి రాస్తారు. ఏదో ఒక వరసలో కొలతలు మీరే కూడి చూస్తే తెలిసిపోతుంది. మొత్తం సరిగ్గా సమానంగా వస్తే తీయలేదు, కొద్దిగా తగ్గితే తీసేశారు. తీసేసిన దాంట్లోంచి రాడ్ బెండర్ మళ్లీ తీస్తే ప్రతి ముక్కా 64 ఎంఎం పొట్టిదవుతుంది. ఆ కొరత కాలమ్‌లోకి వెళ్లాల్సిన చివరి వంపులో పడుతుంది. బీమ్‌కి కాలమ్‌లో పట్టు ఉండేది అక్కడే.

ఇప్పుడు బరువు. మీటరు రాడ్డు బరువుకి అందరికీ తెలిసిన సూత్రం ఇది.

```
కిలోలు (ఒక మీటరుకి) = d × d ÷ 162
```

d అంటే ఎంఎంలలో రాడ్డు మందం. 162 ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఘనమీటరు ఉక్కు 7850 కిలోలు తూగుతుంది. గుండ్రటి కడ్డీ వైశాల్యాన్ని దానితో గుణించి, యూనిట్లు సర్దితే కింద మిగిలేది సుమారు 162. ఆ లెక్కన 8 ఎంఎం మీటరుకి 0.395 కిలోలు, 12 ఎంఎం 0.889, 16 ఎంఎం 1.58. పన్నెండు మీటర్ల నిండు రాడ్డుకి ఇవి వరసగా 4.74, 10.67, 18.96 కిలోలు. ఈ మూడు చివరి అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. షాపులో మాట్లాడేటప్పుడు పనికొచ్చేవి అవే.

16 ఎంఎం ముక్కల మొత్తం పొడవు చూద్దాం. బి1లో 18 ముక్కలు 5.44 చొప్పున 97.92 మీటర్లు, బి2లో 12 ముక్కలు 6.14 చొప్పున 73.68. కలిపి 171.6 మీటర్లు, బరువు 271 కిలోలు. బీబీఎస్ చివర్లో ఉండేది ఈ 271. ఇంతవరకు తప్పేం లేదు.

బి2 ఒక్కదానికే స్టీల్ తెప్పించాలనుకోండి. పనులు విడతలుగా జరిగే ఇళ్లలో ఇది మామూలే. 73.68 మీటర్లని 12తో భాగిస్తే 6.14, అంటే ఏడు రాడ్లు. వేస్టేజీ కలిపినా ఏడే. ఏడు రాడ్లూ దిగాక రాడ్ బెండర్ కొలుస్తాడు. ఒక్కో రాడ్డులో 6.14 ముక్క ఒక్కటే వస్తుంది, మిగిలేది 5.86. రెండోది రాదు. ఏడు రాడ్లకి ఏడు ముక్కలు, కావాల్సింది పన్నెండు. కాగితం మీద లెక్క సరిపోయింది, సైట్‌లో ఐదు ముక్కలు లేవు. అప్పుడు జరిగేది ఏమిటో పని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగిలిన 5.86 ముక్కకి ఇంకో తుండు జత చేసి కట్టేస్తారు. కింది రాడ్డులో, డ్రాయింగులో లేని అతుకు ఒకటి పుడుతుంది. సెంట్రింగ్ మీద నిలబడి చూస్తే కనిపిస్తుంది, కాంక్రీట్ పోశాక ఎవరికీ కనిపించదు.

బి1 సంగతి వేరు. 12 మీటర్లలో 5.44 ముక్కలు రెండు వస్తాయి, 1.12 మీటర్లు మిగులుతుంది. 18 ముక్కలకి తొమ్మిది రాడ్లు. విడిగా చూస్తే బి1కి 9, బి2కి 12, మొత్తం 21 రాడ్లు, 398 కిలోలు. ముక్కల బరువు 271 మాత్రమే అని గుర్తుంది కదా. 127 కిలోల తేడా.

ఇప్పుడు రెండు వరసలనీ పక్కపక్కన పెట్టండి. బి2 ముక్క కోశాక మిగిలే 5.86లో బి1 ముక్క 5.44 దర్జాగా పడుతుంది. ఒక రాడ్డులో రెండూ కలిపి 11.58, పారేసేది 42 సెంటీమీటర్లే. అలా 12 రాడ్లు కోస్తే బి2 మొత్తం అయిపోతుంది, బి1లో 12 ముక్కలు తీరుతాయి. ఇంకా ఆరు బి1 ముక్కలు. రాడ్డుకి రెండు చొప్పున మూడు రాడ్లు. మొత్తం 15 రాడ్లు, 284 కిలోలు.

21 ఎక్కడ, 15 ఎక్కడ. డిజైన్ మారలేదు, ముక్కలు మారలేదు, ఏ ముక్కని ఏ ముక్కతో జత కట్టాం అన్నదొక్కటే మారింది. నా ఉద్దేశంలో బీబీఎస్ చదవడంలో అసలు పని ఇదే. గుణకారాలు ఎవరైనా చేస్తారు, కంప్యూటర్ షీటు దానంతట అదే చేస్తుంది. ఒకే మందం ఉన్న వరసలన్నీ ఏరి, పొడవుల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చుకుని, పెద్ద ముక్క వదిలిన ఖాళీలో పట్టే ముక్క ఏదా అని చూసుకోవాలి. అనుభవమున్న రాడ్ మేస్త్రి దీన్ని నోటితోనే చేసేస్తాడు. కాకపోతే అతని చేతికి షీటు వచ్చేసరికి ఆర్డర్ వెళ్లిపోయి ఉంటుంది. ఆర్డర్‌కి ముందే అతన్ని కూర్చోబెట్టండి.

12 ఎంఎంకి కూడా ఇదే పద్ధతి. 6.16 ముక్కకి 5.46 ముక్క జత, ఎనిమిది రాడ్లు. మిగిలిన నాలుగు బి1 ముక్కలకి రెండు రాడ్లు. పది రాడ్లు, 107 కిలోలు. ముక్కల బరువు 102.

రింగుల దగ్గరికి వస్తే మన ఊరి గాలి లెక్కలోకి వస్తుంది. కాంక్రీట్‌లో రాడ్డుకి బయట ఎంత మందం ఉండాలో, అంటే కవర్ ఎంతో, ఐఎస్ 456 కోడ్ వాతావరణాన్ని బట్టి చెబుతుంది. మామూలు చోట 20 ఎంఎం సరిపోతుంది. సముద్రపు ఉప్పు గాలి వీచే ఊళ్లో, గాలికి మరుగున ఉన్న కాంక్రీట్‌కి కూడా 30 కావాలి, తీరపు గాలికి నేరుగా ఎదురుగా ఉంటే 45. మన బీమ్‌లు గోడల లోపలివి కాబట్టి 30 తీసుకున్నారు. ఈ కవర్‌ని లెక్కపెట్టేది పెద్ద రాడ్డు నుంచి కాదు, అన్నిటికంటే బయట ఉండే రింగు నుంచి. అందుకే రింగు వెడల్పు 230లోంచి రెండు వైపులా 30 తీసేస్తే 170, లోతు 450లోంచి తీస్తే 390.

రింగు చుట్టుకొలత 1120. రెండు కొసలకీ హుక్కులు, ఒక్కోటి 80, అంటే రాడ్డు మందానికి పదింతలు. కలిపితే 1280. మూడు మూలలు 90 డిగ్రీలవి, ఒక్కోదానికి 16 చొప్పున 48 తీయాలి. హుక్కులు రెండూ 135 డిగ్రీలవి, ఒక్కోదానికి 24 చొప్పున ఇంకో 48. మిగిలేది 1184, షీటులో 1.19. పన్నెండు మీటర్లలో పది రింగులు వస్తాయి, పది సెంటీమీటర్లు మిగులుతుంది. రెండు బీమ్‌లకీ కలిపి 300 రింగులు, 30 రాడ్లు, 142 కిలోలు. ముక్కల బరువు 141. ఇంత తక్కువ వేస్టేజీ రావడం అదృష్టమే.

రింగుల సంఖ్య ఎలా వచ్చిందో కూడా ఒకసారి చూడండి, షీట్లలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. బి1లో కాలమ్ ముఖం నుంచి ముఖానికి 4100. మొదటి రింగు రెండు వైపులా 50 వదిలి వేస్తారు కాబట్టి 4000 మిగిలింది. 150కి ఒకటి అంటే 26.67 ఖాళీలు, దాన్ని 27 చేస్తాం. ఖాళీలు 27 అయితే రింగులు 28, కంచె స్తంభాల్లాగే ఒకటి ఎక్కువ. ఆ ఒకటి మరిచిన షీట్లు చూస్తూనే ఉంటాం. పది బీమ్‌లకి పది రింగులు తగ్గుతాయి. అది పెద్ద నష్టం కాదు, కానీ ఒక చోట మరిచినవాళ్లు స్లాబు రాడ్లలోనూ మరిచే ఉంటారు, అక్కడ బాగా తెలుస్తుంది.

ఇప్పుడు కవర్ 25 అని పెట్టి చేసిన షీటు మన చేతికి వచ్చిందనుకోండి. వేరే ఊరి ప్రాజెక్టు ఫైలు కాపీ చేసి అంకెలు మార్చినప్పుడు ఇలాంటివి మిగిలిపోతాయి. రింగు 180 × 400 అవుతుంది, కటింగ్ లెంగ్త్ 1.23 అవుతుంది. పెరిగింది నాలుగు సెంటీమీటర్లే. కానీ 12 మీటర్లలో ఇప్పుడు పది రావు, తొమ్మిదే వస్తాయి. 300 రింగులకి 34 రాడ్లు, 161 కిలోలు. పంతొమ్మిది కిలోలు అదనంగా పోయి, రాడ్డు చుట్టూ కాంక్రీట్ 5 ఎంఎం పలచబడింది. తుప్పు పట్టే ఊళ్లో డబ్బిచ్చి తుప్పుని దగ్గరికి తెచ్చుకోవడం అన్నమాట. పట్టుకోవడం తేలిక. రింగు వెడల్పుకి డ్రాయింగులో ఉన్న కవర్‌ని రెండింతలు చేసి కలపండి, బీమ్ వెడల్పు రావాలి. 170కి 60 కలిపితే 230. రాకపోతే షీటు, డ్రాయింగు రెండూ పట్టుకుని ఇంజినీరుని అడగండి. రింగులు పది వస్తున్నాయి కదా అని కవర్‌ని మనకి నచ్చినట్టు మార్చుకోకూడదు, అది ఇంజినీరు పని.

ఆర్డర్ ఫోన్‌లో మాట ఇలా సాగుతుంది.

"సారూ, 16 ఎంఎం ఎంత రాసుకోమంటారు? ఓ మూడొందల కిలోలు?"

"కిలోలు వద్దండీ, రాడ్లు రాసుకోండి. 16వి పదిహేను, 12వి పది, 8వి ముప్పై. బరువు కాటా మీద చూసి డబ్బులిస్తాం."

ఎందుకు రాడ్లే చెప్పాలంటే, సూత్రంలో వచ్చే 4.74 కిలోలు కాగితం మీది బరువు. మిల్లులో రాడ్డు కచ్చితంగా అంతే రాదు. ఐఎస్ 1786 ప్రమాణం కొంత తేడాని ఒప్పుకుంటుంది. ఒక బ్యాచ్ మొత్తం మీద చూస్తే 10 ఎంఎం దాకా అటూ ఇటూ 7 శాతం, 10 దాటి 16 దాకా 5 శాతం, ఆపైన 3 శాతం. అంటే 8 ఎంఎం నిండు రాడ్డు 4.41 తూగినా సరే, 5.07 తూగినా సరే, రెండూ నిబంధనలో ఉన్నట్టే. మీరు 142 కిలోలు అని ఆర్డర్ చెప్పారు, వచ్చిన సరుకు బరువువైపు ఉంది అనుకోండి. 28 రాడ్లకే 142 అయిపోతుంది. డీలర్ మోసం చేయలేదు, కాటా తప్పు లేదు, మీకు మాత్రం ఇరవై రింగులు తక్కువ. తేలికవైపు సరుకు వస్తే 32 రాడ్లు దిగుతాయి. చూడ్డానికి లాభమే, కానీ ఆ రాడ్డులో ఉక్కు తక్కువ. ఏడు శాతం గీత దాటి ఇంకా తేలిగ్గా ఉంటే ఆ సరుకు దింపుకోకూడదు.

ఎలా తెలుస్తుందంటే, లోడు మొత్తాన్ని వేబ్రిడ్జి మీద తూచి ఊరుకుంటే తెలియదు. 16 బరువుగా ఉండి 8 తేలిగ్గా ఉంటే రెండూ కలిసి మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది. మందం వారీగా విడివిడిగా తూచమనండి. 8 ఎంఎం కట్టలో రాడ్లు లెక్కపెట్టి, రెండు మూడు రాడ్ల పొడవు టేపుతో కొలిచి, కట్ట బరువుని మొత్తం మీటర్లతో భాగించండి. 0.395 పక్కన పెట్టి చూస్తే ఎంత శాతం అటో ఇటో వెంటనే తేలుతుంది. పొడవు కొలవడం మరవద్దు. 11.8 ఉన్న రాడ్డులో 1.19 రింగులు పది రావు, 11.9 ఉండాలి.

ఇంకో సంగతి బరువుది కాదు, లారీది. వైజాగ్‌లో కొండవాలు వీధుల్లోకి 12 మీటర్ల బండి తిరగదని రాడ్లని మధ్యలో మడిచి చిన్న ట్రక్కు మీద పంపుతారు. మడత 6 మీటర్ల దగ్గర పడుతుంది. బి1 ముక్క 5.44ని రెండు కొసల నుంచీ కోస్తే మడత మధ్యలో మిగిలే 1.12 తుండులోకి పోతుంది, చిక్కు లేదు. బి2 ముక్క 6.14 మాత్రం ఎటు నుంచి కోసినా మడతని తనలో కలుపుకుంటుంది. గట్టిగా మడిచిన చోట మళ్లీ సుత్తితో సాపు చేసిన రాడ్డు ముందున్నంత నమ్మకంగా ఉండదు, పైగా అది బీమ్ చివర వంపుకి దగ్గర్లో పడుతుంది. కాబట్టి 16, 12 ఎంఎం సాపు రాడ్లే కావాలని ఆర్డర్‌లోనే చెప్పాలి. రోడ్డు మలుపు దగ్గర దింపి మనుషులతో మోయించుకోవాల్సి వచ్చినా పరవాలేదు. 8 ఎంఎంవి మడిచినా రింగులకి పెద్ద అడ్డు కాదు. మడత పడ్డ చోట ఒక కోత వేసి, ఆ కాస్త ముక్క పక్కన పడేస్తే చాలు. అప్పుడు రాడ్డుకి ఒక రింగు తగ్గవచ్చు కాబట్టి ముప్పై రాడ్లకి బదులు 34 రాసుకోవాలి.

మన బీమ్‌లకి మొత్తం లెక్క ఇలా తేలింది. ముక్కల బరువు 514 కిలోలు, కొనే రాడ్ల బరువు 533. తేడా నాలుగు శాతం లోపే. చూస్తే మొదట్లో చెప్పిన ఐదు శాతం అలవాటుకి ఇది దగ్గరగానే ఉంది, మరి ఇంత గొడవ ఎందుకని అనిపించవచ్చు. ఈ నాలుగు శాతం జతలు కుదిరినందువల్ల వచ్చింది. బి2 పొడవు ఇంకో అర మీటరు పెరిగితే ముక్క 6.64 అవుతుంది, వదిలే ఖాళీ 5.36, అందులో 5.44 పట్టదు. ఎనిమిది సెంటీమీటర్ల కోసం మళ్లీ 21 రాడ్ల దగ్గరికి వెళ్లిపోతాం. అలాంటప్పుడు మిగిలే 5.36 తుండ్లు కాలమ్‌లలోనో లింటెల్‌లోనో పట్టే వరస ఏదైనా ఉందా అని షీటు మొత్తం వెతకాలి. అదీ లేకపోతే అతుకు ఎక్కడ, ఎంత పొడవుతో పెట్టవచ్చో ఇంజినీరు చేత రాయించుకుని, ఆ అతుకు పొడవు కలిపి కొత్త కటింగ్ లెంగ్త్ వేయించుకోవాలి.

బీబీఎస్‌లో అసలు కనిపించనివి రెండున్నాయి. ఒకటి స్లాబులో పై రాడ్లని ఎత్తి పట్టే చైర్లు, వాటికి సాధారణంగా ఇలాంటి కోతల్లో మిగిలిన తుండ్లే సరిపోతాయి కాబట్టి తుక్కువాడికి అమ్మేసే ముందు మేస్త్రిని అడగండి. రెండోది బైండింగ్ వైరు, టన్నుకి సుమారు 8 నుంచి 10 కిలోలు పడుతుంది. ఈ ఆర్డర్‌కి ఐదు కిలోల చుట్ట ఒకటి కలిపి రాయించుకుంటే సరి.